రెజొనెన్స్ బొమ్మలు, వంపు బాణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, బీఎస్సీ పిల్లలకి ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతుంటాను. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువ మార్కులు పోయేది బాణం దగ్గరే. చివరి బొమ్మ కరెక్టుగానే ఉంటుంది, దానికి దారి చూపించాల్సిన బాణం మాత్రం తలకిందులుగా ఉంటుంది. క్లాసు అయ్యాక పిల్లలు బల్ల దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని, వాటికి నేను చెప్పే జవాబుల్ని ఇక్కడ రాస్తున్నాను. చదివేటప్పుడు పక్కన ఒక తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకోండి. బొమ్మ గీయకుండా ఇది బుర్రకెక్కదు.

ఒకే అణువుకి రెండు మూడు బొమ్మలు ఎందుకు గీస్తాం?

మనం గీసే లూయిస్ బొమ్మకి ఒక హద్దు ఉంది. అందులో ప్రతి ఎలక్ట్రాన్ జంటనీ ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. అయితే ఒక పరమాణువు మీద లోన్ పెయిర్‌గా, లేదంటే రెండు పరమాణువుల మధ్య బంధంగా. ఒక జంట మూడు నాలుగు పరమాణువుల మీద పరుచుకుని ఉంటే దాన్ని చూపించడానికి ఆ బొమ్మలో చోటు లేదు.

అసిటేట్ అయాన్‌నే తీసుకోండి, CH₃COO⁻. కార్బన్‌కి రెండు ఆక్సిజన్లు ఉన్నాయి. ఒకదానితో ద్విబంధం, ఇంకోదానితో ఏకబంధం, ఆ రెండో ఆక్సిజన్ మీద మైనస్. ఆ బొమ్మ నిజమైతే ఒక బంధం పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉండాలి. హైడ్రోజన్ పోగొట్టుకోని అసిటిక్ యాసిడ్‌లో అలాగే ఉంటాయి: C=O సుమారు 121 పికోమీటర్లు, C–O సుమారు 136. అసిటేట్‌లో కొలిస్తే రెండు బంధాలూ ఒకే పొడవు, సుమారు 126. అంటే ద్విబంధం ఈ ఆక్సిజన్ దగ్గరా, ఆ ఆక్సిజన్ దగ్గరా అనే ప్రశ్నకే అక్కడ అర్థం లేదు. మైనస్ కూడా చెరి సగం. ఒక్క బొమ్మలో ఇది పట్టదు కాబట్టి రెండు గీసి, రెండింటినీ కలిపి చదువుకోమంటాం.

అణువు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి మారుతూ ఉంటుందా?

ఉండదు. ఈ అపోహకి సగం కారణం పేరే అని నాకు అనిపిస్తుంది. రెజొనెన్స్ అన్నా, తెలుగు మీడియం పుస్తకాల్లో ఉన్న అనునాదం అన్నా, ఏదో కంపిస్తున్నట్టు, అటూ ఇటూ ఊగుతున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ ఊగేదేమీ లేదు.

మనకి అంధగజ న్యాయం తెలుసు కదా. కాలు తడిమినవాడు స్తంభం అన్నాడు, చెవి తడిమినవాడు చేట అన్నాడు, తోక పట్టుకున్నవాడు తాడు అన్నాడు. ఏనుగు కాసేపు స్తంభంగా, కాసేపు చేటగా మారడం లేదు. అది ఎప్పుడూ ఏనుగే. అసిటేట్ కూడా ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది. ఆ అసలు రూపాన్ని రెజొనెన్స్ హైబ్రిడ్ అంటాం. మన రెండు బొమ్మలూ దాని గురించి చెప్పిన రెండు అసంపూర్తి మాటలు.

అందుకే రెండు బొమ్మల మధ్య రెండు కొనలున్న ఒకే గీత వేస్తాం: ↔. రెండు అర బాణాలున్న ⇌ వేశారంటే అర్థం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు మీరు చెబుతున్నది సీసాలో రెండు వేరువేరు పదార్థాలున్నాయి, ఒకటి ఇంకోటిగా మారుతోంది అని. పరీక్షలో ఈ ఒక్క గుర్తుకే మార్కు పోతుంది, అది పోవడం న్యాయమే.

వంపు బాణం అసలు ఏం చెబుతుంది?

రెండు ఎలక్ట్రాన్ల ప్రయాణం, అంతే. తోక ఎక్కడ ఉందో అక్కడ ఆ జంట ఇప్పుడు ఉంది. మొన ఎక్కడ ఉందో తర్వాతి బొమ్మలో ఆ జంట అక్కడ ఉంటుంది. ఈ బాణాల్ని కెమిస్ట్రీలోకి తెచ్చింది రాబర్ట్ రాబిన్సన్, విలియం కెర్మాక్. 1922లో వాళ్లు ప్రచురించిన పేపర్‌తో ఇవి మొదలయ్యాయి. వందేళ్లు దాటినా అర్థం అదే.

తోక రెండు చోట్ల నుంచే మొదలవ్వాలి: లోన్ పెయిర్ నుంచి, లేదా ద్విబంధంలో ఉండే π, అంటే పై బంధం గీత మధ్య నుంచి. మొన కూడా రెండు చోట్లకే పోవాలి: ఒక పరమాణువు మీదికి లోన్ పెయిర్‌గా, లేదా రెండు పరమాణువుల మధ్యకి కొత్త బంధంగా. దీన్నిబట్టి రెజొనెన్స్‌లో జరిగే కదలికలు మూడే. లోన్ పెయిర్ పక్క బంధంగా మారడం, పై బంధం లోన్ పెయిర్‌గా మారడం, పై బంధం పక్కనున్న చోటుకి జరగడం. ఒక్క పక్కింటికే తప్ప, మధ్యలో ఇల్లు దాటి ఏ జంటా దూకదు.

బాణానికి మొన పూర్తిగా, రెండు వైపులా రెక్కలతో ఉండాలి. గాలం ముల్లులా ఒకవైపే రెక్క ఉంటే ఒక్క ఎలక్ట్రాన్ అని అర్థం. అది ఫ్రీ రాడికల్స్‌కి వాడతాం. తొందరలో ఒక రెక్క వేసి వదిలేసినా చదివేవాళ్లు ఆ అర్థంలోనే చదువుతారు.

అసిటేట్‌కి బాణాలు ఎలా వేయాలి? ఒక్కో అడుగూ చెప్పండి.

ముందు లోన్ పెయిర్లన్నీ చుక్కలతో గీయండి. అనుభవం ఉన్నవాళ్లు గీయరు, కానీ నేర్చుకునేటప్పుడు తప్పదు. మైనస్ ఉన్న ఆక్సిజన్ మీద మూడు జంటలు, ద్విబంధం ఉన్న ఆక్సిజన్ మీద రెండు.

మొదటి బాణం: మైనస్ ఆక్సిజన్ మీదున్న ఒక లోన్ పెయిర్ దగ్గర తోక పెట్టండి. మొన ఆ ఆక్సిజన్‌కీ కార్బన్‌కీ మధ్యనున్న ఏకబంధం గీత మధ్యకి రావాలి. కార్బన్ అక్షరం మీదికి కాదు, గీత మీదికి. ఇక్కడ కొత్త పై బంధం పుడుతోంది.

ఇక్కడే ఆపితే కార్బన్‌కి ఐదు బంధాలు అవుతాయి. CH₃తో ఒకటి, కొత్త C=Oలో రెండు, పాత C=Oలో రెండు. కాబట్టి వచ్చిన జంటకి చోటు ఇవ్వడానికి ఇంకో జంట లేవాలి. రెండో బాణం: పాత C=Oలోని పై బంధం మధ్య నుంచి తోక, ఆ ఆక్సిజన్ మీద మొన.

ఇప్పుడు ఫార్మల్ చార్జ్ లెక్క. ఆక్సిజన్‌కి సొంత వేలెన్స్ ఎలక్ట్రాన్లు 6. అందులోంచి లోన్ పెయిర్లలోని ఎలక్ట్రాన్లన్నీ, బంధానికి ఒకటి చొప్పున తీసేయాలి. ముందు మైనస్ ఉన్న ఆక్సిజన్‌కి ఇప్పుడు లోన్ ఎలక్ట్రాన్లు 4, బంధాలు 2. 6 నుంచి 6 తీస్తే సున్నా. రెండో ఆక్సిజన్‌కి లోన్ ఎలక్ట్రాన్లు 6, బంధం 1. 6 నుంచి 7 తీస్తే −1. మొత్తం అయాన్ మీద ముందూ −1, ఇప్పుడూ −1. ఈ మొత్తం మారిందంటే ఎక్కడో ఒక జంట తప్పిపోయింది, లేదా ఎక్కువ వచ్చింది.

మైనస్ గుర్తు నుంచి బాణం మొదలుపెట్టొచ్చా? ప్లస్ నుంచి?

మైనస్ నుంచి మొదలుపెట్టడం కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. అక్కడ మైనస్‌నే లోన్ పెయిర్‌కి గుర్తుగా వాడుతున్నారు. తప్పు అనలేను, కానీ నేను పిల్లల్ని అలా వేయనివ్వను. మైనస్ అనేది లెక్క చేస్తే వచ్చిన జవాబు, ఎలక్ట్రాన్లు కావు. ఆ తేడా చెరిగిపోతే తర్వాత ప్లస్ నుంచి కూడా బాణం మొదలుపెడతారు, అది మాత్రం కచ్చితంగా తప్పు.

అల్లైల్ కాటయాన్ చూడండి: CH₂=CH–CH₂⁺ ↔ ⁺CH₂–CH=CH₂. ప్లస్ కుడి చివరి నుంచి ఎడమ చివరికి వచ్చినట్టు కనిపిస్తోంది. ఒకసారి నేను దిద్దిన ఒక కట్టలో సగం మంది ప్లస్ నుంచి ఎడమవైపుకి చక్కటి బాణం వేశారు. కళ్లకి కనిపించిన కదలికనే గీశారు. కానీ ప్లస్ దగ్గర కదలడానికి ఏమీ లేదు, అది ఖాళీ చోటు. కదిలింది ద్విబంధంలోని జంట. సరైన బాణం ఒక్కటే: ఎడమనున్న C=C మధ్య తోక, నడిమి కార్బన్‌కీ కుడి కార్బన్‌కీ మధ్య మొన. జంట కుడికి వెళ్లింది కాబట్టి ఎడమ కార్బన్ ఖాళీ అయింది, ప్లస్ అక్కడ తేలింది. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే ఇవతలివాళ్లు అందులోకి జరుగుతారు, ఖాళీ ఇవతలికి వస్తుంది. సీటు నడిచి రాలేదు.

నైట్రో గ్రూపులో నైట్రోజన్‌కి రెండు ద్విబంధాలు గీయొచ్చా?

వద్దు. రెండు N=O, ఒక C–N గీస్తే నైట్రోజన్ చుట్టూ పది ఎలక్ట్రాన్లు అవుతాయి. రెండో పీరియడ్‌లోని కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఎనిమిది దాటవు. నైట్రోజన్ మీద ప్లస్, ఒక ఆక్సిజన్‌తో ద్విబంధం, ఇంకో ఆక్సిజన్ మీద మైనస్ గీయండి. ఆ రెండు ఆక్సిజన్ల మధ్య అసిటేట్‌లో జరిగినదే జరుగుతుంది, కొలిస్తే రెండు N–O బంధాలూ సమానం. చార్జులు చూపించకుండా నైట్రో గ్రూపు గీసేవాళ్లకి ఈ కింది ప్రశ్నలో బాణం వేయడం సాధ్యమే కాదు.

ఇదంతా తెలిస్తే ఏం ఒరుగుతుంది? ఒక ఉదాహరణ పూర్తిగా చెప్పండి.

ఫినాల్ pKa సుమారు 10. దానికి మెటా స్థానంలో నైట్రో గ్రూపు పెడితే 8.4కి దిగుతుంది. అదే గ్రూపుని పారా స్థానంలో పెడితే 7.15కి దిగుతుంది. pKa ఒక యూనిట్ తగ్గితే ఆమ్ల బలం పది రెట్లు పెరిగినట్టు కదా. ఆ లెక్కన మెటా నైట్రోఫినాల్ మామూలు ఫినాల్ కన్నా సుమారు 40 రెట్లు బలమైన ఆమ్లం, పారాది దాదాపు 700 రెట్లు. గ్రూపు ఒకటే, పైగా పారాలో అది ఆక్సిజన్‌కి ఇంకాస్త దూరంగా ఉంది. దూరం పెరిగితే పట్టు తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? బాణాలు వేస్తే జవాబు కాగితం మీదే కనిపిస్తుంది.

ముందు నైట్రో లేకుండా ఫినాక్సైడ్ గీయండి. ఆక్సిజన్ ఉన్న కార్బన్‌ని 1 అనుకుని చుట్టూ 6 దాకా నంబర్లు వేయండి. ద్విబంధాలు 1–2, 3–4, 5–6 మధ్య పెట్టండి. ఆక్సిజన్ మీద మూడు లోన్ పెయిర్లు, మైనస్.

మొదటి జత బాణాలు. ఆక్సిజన్ లోన్ పెయిర్ నుంచి O–C1 గీత మధ్యకి ఒకటి. దాంతో C1కి ఐదు బంధాలు అవుతాయి కాబట్టి C1=C2 పై బంధం నుంచి C2 మీదికి ఇంకోటి. కొత్త బొమ్మలో C1=O వచ్చింది, C2 మీద లోన్ పెయిర్, మైనస్. 3–4, 5–6 ద్విబంధాలు కదల్లేదు.

రెండో జత. C2 లోన్ పెయిర్ నుంచి C2–C3 మధ్యకి, C3=C4 నుంచి C4 మీదికి. ఇప్పుడు మైనస్ C4 మీద ఉంది. మూడో జత అదే పద్ధతిలో: C4 లోన్ పెయిర్ నుంచి C4–C5 మధ్యకి, C5=C6 నుంచి C6 మీదికి. మైనస్ C6 మీదికి వచ్చింది.

కాగితం వంక ఒక్క నిమిషం చూడండి. మైనస్ ఆగిన చోట్లు 2, 4, 6. మూడో కార్బన్ మీదా, ఐదో కార్బన్ మీదా ఎప్పుడూ ఆగలేదు. ఇంకో వైపు నుంచి మొదలుపెట్టినా ఆగదు, ప్రయత్నించి చూడండి. బాణం ప్రతిసారీ ఒక పరమాణువుని వదిలి తర్వాతిదాని మీదే వాలుతుంది.

ఇప్పుడు C4 మీద, అంటే పారాలో, నైట్రో గ్రూపు పెట్టి, మైనస్ C4 మీదున్న బొమ్మ దగ్గరికి రండి. అక్కడి నుంచి మూడో జతకి బదులు ఇంకో దారి ఉంది. C4 లోన్ పెయిర్ నుంచి C4–N గీత మధ్యకి ఒక బాణం, N=O పై బంధం నుంచి ఆ ఆక్సిజన్ మీదికి ఒక బాణం. వచ్చిన బొమ్మలో C4=N, నైట్రోజన్ మీద ప్లస్, దాని రెండు ఆక్సిజన్ల మీదా మైనస్. రింగులో 2–3, 5–6 మధ్య ద్విబంధాలు, C1 దగ్గర C=O. లెక్క చూడండి: ఒక ప్లస్, రెండు మైనస్‌లు, మొత్తం −1. మొదట్లో ఎంతో అంతే. నైట్రోజన్‌కి నాలుగు బంధాలు, ఎనిమిది ఎలక్ట్రాన్లు, ఏ ఇబ్బందీ లేదు.

ఫినాక్సైడ్ ఆక్సిజన్ మీద మొదలైన మైనస్ రింగు దాటి అవతలి చివర నైట్రో ఆక్సిజన్ మీదికి చేరింది. మెటాలో నైట్రో గ్రూపు C3 మీద ఉంటుంది, మైనస్ C3కి రాదు, కాబట్టి ఈ దారి తెరుచుకోదు. అక్కడ నైట్రో చేయగలిగిందల్లా సిగ్మా బంధాల గుండా ఎలక్ట్రాన్లని తనవైపు లాగడమే. 10 నుంచి 8.4కి దిగింది ఆ లాగుడు వల్ల. పారాలో 7.15 దాకా దిగడానికి ఈ బాణాల దారి తోడైంది.

ఇది కంటికి కూడా కనిపిస్తుంది. పారా నైట్రోఫినాల్ నీటి ద్రావణం ఆమ్లంలో దాదాపు రంగు లేకుండా ఉంటుంది. కాస్త క్షారం కలిపితే వెంటనే పసుపుపచ్చగా మారుతుంది. ప్రోటాన్ పోయాక ఎలక్ట్రాన్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకోవడం వల్ల వచ్చిన రంగు అది. లివర్ ఫంక్షన్ టెస్టు రిపోర్టులో ALP అని ఒక అంకె ఉంటుంది చూడండి, దాన్ని కొలిచే ప్రసిద్ధ పద్ధతి ఈ పసుపు మీదే ఆధారపడింది. రంగులేని పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ ఇస్తే రక్తంలోని ఎంజైమ్ ఫాస్ఫేట్‌ని తెంపుతుంది, క్షార ద్రావణంలో మిగిలిన పారా నైట్రోఫినాక్సైడ్ పచ్చగా తేలుతుంది, దాన్ని 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. మనం పెన్సిల్‌తో వేసిన బాణాలకీ ఆ రిపోర్టులోని అంకెకీ మధ్య దూరం చాలా తక్కువ.

ఎక్కువ బొమ్మలు గీయగలిగితే ఎక్కువ స్థిరత్వం అని అర్థమా?

ఇది బట్టీ పట్టిన వాక్యం, ఒక్క ఉదాహరణకే కూలిపోతుంది. పైన ఫినాక్సైడ్‌కి కార్బన్ మీద మైనస్ ఉన్నవి మూడు, ఆక్సిజన్ మీద ఉన్నవి రెండు (రింగులో ద్విబంధాలు రెండు రకాలుగా పెట్టొచ్చు), మొత్తం ఐదు బొమ్మలు వస్తాయి. అసిటేట్‌కి రెండే. కానీ అసిటిక్ యాసిడ్ pKa 4.76, ఫినాల్‌ది 10. రెండు బొమ్మల అయానే ఎంతో ఎక్కువ నిలకడగా ఉంది.

అసిటేట్ బొమ్మలు రెండూ సరిసమానం, రెండింట్లోనూ మైనస్ ఆక్సిజన్ మీదే ఉంది. ఫినాక్సైడ్‌లో మూడు బొమ్మలు మైనస్‌ని కార్బన్ మీద పెడతాయి, పైగా బెంజీన్ రింగు అరోమాటిక్ అమరికని చెడగొడతాయి. అవి పాల్గొంటాయి, కానీ వాటి వాటా చిన్నది. కాబట్టి తలలు లెక్కపెట్టకండి, ఒక్కో బొమ్మ బరువు చూడండి.

మరి ఏ బొమ్మ బరువు ఎక్కువో ఎలా తేల్చాలి?

మొదట అన్ని పరమాణువులకీ ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండాయా అని చూడాలి. దీని తర్వాతే మిగతావన్నీ. అది సమానమైతే చార్జులు తక్కువున్న బొమ్మ మేలు. అదీ సమానమైతే మైనస్ ఎలక్ట్రాన్లని గట్టిగా పట్టుకునే పరమాణువు మీద ఉన్న బొమ్మ మేలు.

ఈ వరస తప్పితే ఎక్కడ దెబ్బ తగులుతుందో CH₃–O–CH₂⁺ దగ్గర తెలుస్తుంది. ఆక్సిజన్ లోన్ పెయిర్ నుంచి O–CH₂ మధ్యకి ఒక్క బాణం వేస్తే CH₃–O⁺=CH₂ వస్తుంది. ఆక్సిజన్ మీద ప్లస్ ఏమిటి, ఇది బలహీనమైన బొమ్మ అయ్యుంటుంది అని చాలామంది రాస్తారు. మొదటి బొమ్మలో కార్బన్‌కి ఆరు ఎలక్ట్రాన్లే ఉన్నాయి, రెండోదాంట్లో అందరికీ ఎనిమిది నిండాయి. కాబట్టి రెండోదే బరువైనది. ఆక్సిజన్ మీద ప్లస్ భయపెట్టాల్సింది దానికి ఆరే ఎలక్ట్రాన్లు మిగిలినప్పుడు. మూడు బంధాలు, ఒక లోన్ పెయిర్ ఉన్న O⁺ మామూలు విషయం, నీటిలో H₃O⁺ అదే కదా.

బరువు తక్కువున్న బొమ్మని గీయడం మానేయొచ్చా?

మానేస్తే అమైడ్లు అర్థం కావు. ల్యాబ్‌లో రోజూ వాడే సాల్వెంట్ DMF తీసుకోండి, HCON(CH₃)₂. నైట్రోజన్ లోన్ పెయిర్ నుంచి N–C మధ్యకి ఒక బాణం, C=O పై బంధం నుంచి ఆక్సిజన్ మీదికి ఇంకో బాణం వేస్తే C=N⁺, O⁻ ఉన్న బొమ్మ వస్తుంది. చార్జులు విడిపోయాయి కాబట్టి ఇది రెండో స్థానంలోనే ఉంటుంది.

అయినా దాని పని చూడండి. C–N బంధానికి కొంత ద్విబంధం స్వభావం వచ్చింది. ఈథేన్‌లో C–C చుట్టూ తిరగడానికి సుమారు 12 కిలోజౌళ్లు చాలు, DMFలో C–N చుట్టూ తిరగడానికి మోల్‌కి 88 దాకా కావాలి. నైట్రోజన్ మీది రెండు CH₃లలో ఒకటి ఆక్సిజన్ వైపు, ఒకటి హైడ్రోజన్ వైపు ఇరుక్కుంటాయి. గది ఉష్ణోగ్రతలో ప్రోటాన్ NMR తీస్తే ఆ రెండు మిథైళ్లు రెండు వేరు సిగ్నళ్లుగా కనిపిస్తాయి, నూరు డిగ్రీలు దాటించి వేడిచేస్తే కలిసి ఒకటవుతాయి. రెండో బొమ్మ గీయనివాళ్లు ఒకే సిగ్నల్ రావాలని రాస్తారు.

ఆమ్లం కలిపితే ప్రోటాన్ నైట్రోజన్ మీద కాకుండా ఆక్సిజన్ మీద కూర్చోవడానికి కారణమూ ఇదే. పోటీ పరీక్షల్లో అమైడ్ నైట్రోజన్ సంకరీకరణం అడిగితే లోన్ పెయిర్ చూసి sp³ అనకండి, ఆ జంట రెజొనెన్స్‌లో ఉంది, నైట్రోజన్ దాదాపు సమతలంగా ఉంటుంది, జవాబు sp².

లోన్ పెయిర్ ఉంటే చాలా, బాణం వేసేయొచ్చా?

చాలదు. ఆ జంట ఉన్న ఆర్బిటాల్ పక్కనున్న పై బంధంతో ఒకే దిక్కుగా నిలబడి ఉండాలి. పిరిడీన్ నైట్రోజన్ మీద లోన్ పెయిర్ ఉంది, కానీ అది రింగు తలంలోనే బయటికి చూస్తూ ఉంటుంది. రింగులోని పై ఎలక్ట్రాన్లు తలానికి పైనా కిందా ఉంటాయి. ఈ రెంటికీ కలయిక లేదు, కాబట్టి దాని నుంచి రింగులోకి బాణం వేయకూడదు. అందుకే ఆ జంట ప్రోటాన్‌ని పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది, పిరిడీన్ క్షారంగా పనిచేస్తుంది. పిరోల్ నైట్రోజన్ జంట మాత్రం రింగులో కలిసిపోయింది, అందుకే పిరోల్ చాలా బలహీనమైన క్షారం.

నేను చెప్పే చిట్కా: ఆ పరమాణువుకి ఇప్పటికే ఒక ద్విబంధం ఉంటే దాని లోన్ పెయిర్ రెజొనెన్స్‌కి రాదు. ద్విబంధం లేకుండా, పక్క పరమాణువుకి ద్విబంధమో ఖాళీ ఆర్బిటాలో ఉంటే వస్తుంది. ఒకే పరమాణువు మీద రెండు మూడు లోన్ పెయిర్లున్నా ఒక్క జంటే పాల్గొంటుంది.

కీటో, ఈనాల్ రూపాలు రెజొనెన్స్ బొమ్మలేనా?

కావు. వాటి మధ్య ఒక హైడ్రోజన్ కార్బన్ మీద నుంచి ఆక్సిజన్ మీదికి మారింది. రెజొనెన్స్‌లో ఏ పరమాణువూ చోటు మారదు, ఏ సిగ్మా బంధమూ తెగదు. కీటో, ఈనాల్ రెండు వేరు పదార్థాలు, మధ్యలో ⇌ వేయాలి. ఆ హైడ్రోజన్‌ని పూర్తిగా తీసేస్తే వచ్చే ఈనోలేట్ అయాన్‌కి మాత్రం కార్బన్ మీద మైనస్, ఆక్సిజన్ మీద మైనస్ ఉన్న రెండు బొమ్మలు నిజమైన రెజొనెన్స్ బొమ్మలు.

నా బాణాలు కరెక్టో కాదో నేనే ఎలా చూసుకోవాలి?

రెండో బొమ్మని చేత్తో మూసేయండి. మొదటి బొమ్మ, దాని మీది బాణాలు మాత్రమే చూస్తూ, బాణం చెప్పింది చెప్పినట్టు చేసి పక్కన కొత్తగా గీయండి. తోక ఉన్నచోట ఒక జంట తీసేయండి, మొన ఉన్నచోట ఒక జంట పెట్టండి, చార్జులు మళ్లీ లెక్కవేయండి. తర్వాత చెయ్యి తీసి పోల్చండి. ముందే తెలిసిన జవాబుకి బాణాలు అతికించి ఉంటే ఇక్కడ బయటపడుతుంది. అల్లైల్ కాటయాన్‌లో ప్లస్ నుంచి బాణం వేసినవాళ్లకి ఈ పరీక్షలో తీసేయడానికి జంటే దొరకదు.

ఇద్దరు కలిసి చదువుకుంటుంటే ఇంకా మంచిది. ఒకరు మొదటి బొమ్మ, బాణాలు వేసి కాగితం ఇవ్వాలి, రెండోవాళ్లు ఏమీ అడక్కుండా తర్వాతి బొమ్మ గీయాలి. మా క్లాసులో పారా నైట్రోఫినాక్సైడ్‌ని ఇలా గొలుసుకట్టుగా ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా పంపిస్తాను. మైనస్ C3 మీద తేలితే, ఏ చేతిలో బాణం గీత మధ్యకి బదులు అక్షరం మీదికి పోయిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్తాం. దాదాపు ప్రతిసారీ అది రెండో జత బాణాల దగ్గరే దొరుకుతుంది.